ట్యాగ్ మీద 40 శాతం తగ్గింపు, బిల్లులో ఇంకో లెక్క: తేడా ఎక్కడ వస్తోంది?

బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చాలా కాలం పనిచేశాను. ఇప్పుడు చిన్న దుకాణాలకు జీఎస్టీ లెక్కలు రాస్తున్నాను. కౌంటర్ దగ్గర జనం అడిగేది ఎప్పుడూ ఒకటే: "నేను వేసుకున్న లెక్కకీ మీ బిల్లుకీ కుదరట్లేదేంటి?" వాళ్లలో చాలామందికి శాతాలు బాగానే వచ్చు. కానీ లెక్క మొదలుపెట్టే ముందు ట్యాగ్ తిప్పి చూడరు. అక్కడ రాసి ఉన్న ధరలో పన్ను కలిసి ఉందా, లేక ఆ ధర మీద పన్ను పడుతుందా? ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి. ఇది తేలకుండా నోటి లెక్క ఎంత వేగంగా వేసినా లాభం లేదు.

ఎంఆర్‌పీ ముద్రించిన వస్తువు ఏదైనా సరే, షర్టయినా, మిక్సీ అయినా, సబ్బయినా, ఆ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఎంఆర్‌పీ పక్కనే ఆ మాట రాసి ఉంటుంది. హోటల్ మెనూలోని ధర, బంగారం షాపులో చెప్పే గ్రాము ధర సాధారణంగా పన్ను కలపనివి. ఈ రెండు రకాలకూ లెక్క వేరు.

లక్షణం: తగ్గింపు మనం అనుకున్నంత రాలేదు

బోర్డు మీద "50% + 20%" అని ఉంటే 70 శాతం తగ్గుతుందని అనుకుంటారు. రెండో తగ్గింపు మిగిలిన సగం మీదే పడుతుంది. వందలో 50 పోతే మిగిలేది 50, అందులో ఐదో వంతు 10 పోతే 40. అంటే మొత్తం తగ్గింపు 60 శాతమే.

ఈ పొరపాటు రాకుండా ఉండాలంటే ఎంత పోతుందో కాకుండా ఎంత మిగులుతుందో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. 35 శాతం తగ్గింపు అంటే 65 శాతం కట్టాలి. 1,400లో సగం 700, పది శాతం 140, ఐదు శాతం 70. మొత్తం 910. తీసివేత అవసరమే రాలేదు. 1,999 లాంటి ధరను 2,000 అనుకోండి. 40 శాతం తగ్గింపులో 60 శాతం కట్టాలి కాబట్టి 1,200 అవుతుంది. ఎక్కువ అనుకున్న ఒక్క రూపాయికి 60 పైసలు తీసేస్తే 1,199.40.

లక్షణం: బిల్లు మొత్తం సరిపోయింది, కానీ జీఎస్టీ అంకె తేడాగా ఉంది

ఎక్కువ గొడవలు ఇక్కడే. దుకాణం తప్పు చేసినప్పుడూ, చేయనప్పుడూ బిల్లు పైపైన ఒకేలా కనిపిస్తుంది. అందుకే ఆ 1,999 ధర ఒక షర్టుది అనుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఎంఆర్‌పీ 1,999, తగ్గింపు 40 శాతం, కట్టాల్సింది 1,199.40. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలైన రేట్ల ప్రకారం ఒక్కొక్కటి 2,500 రూపాయలు దాటని దుస్తుల మీద జీఎస్టీ 5 శాతం. మామూలుగా మనం 1,199.40లో 5 శాతం తీసి 59.97 అనుకుంటాం. బిల్లులో మాత్రం సీజీఎస్టీ 28.56, ఎస్‌జీఎస్టీ 28.56 అని ఉంటుంది. రెండూ కలిపితే సుమారు 57. మూడు రూపాయల తేడా చూసి చాలామంది కంగారు పడతారు.

ఇందులో తప్పేమీ లేదు. పన్నును అసలు ధర మీద లెక్కిస్తారు, పన్ను కలిసిన మొత్తం మీద కాదు. అసలు ధర 100 అయితే పన్ను 5, మనం కట్టేది 105. ఆ 105ను ఐదేసి చొప్పున విడగొడితే 21 భాగాలు వస్తాయి, అందులో ఒక భాగం పన్ను. అందుకని 5 శాతం పన్ను కలిసిన మొత్తాన్ని 21తో భాగించండి. 1,200ను 21తో భాగిస్తే 57 చిల్లర. బిల్లుతో సరిపోయింది.

18 శాతం వస్తువులకు 118లో 18 భాగాలు పన్ను. దీన్ని నోటితో చేయాలంటే మొత్తంలో 15 శాతం తీసి, ప్రతి వెయ్యికీ రెండున్నర రూపాయలు కలపండి. 4,720 రూపాయల మిక్సీ తీసుకుంటే పది శాతం 472, ఐదు శాతం 236, కలిపి 708. నాలుగున్నర వేలకు పైనే ఉంది కాబట్టి ఇంకో 12 కలిపితే 720. అసలు ధర 4,000 మీద 18 శాతం వేసి చూసినా అదే 720.

ఇక నన్ను చాలాసార్లు ఇబ్బంది పెట్టిన విషయం. కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ముందు ఎంఆర్‌పీలోంచి పన్ను తీసేసి, ఆ మిగిలిన ధర మీద తగ్గింపు చూపిస్తాయి. ఇదే షర్టుకు పన్ను తీసేస్తే 1,903.81. దాంట్లో 40 శాతం 761.52. బిల్లులో డిస్కౌంట్ గడిలో ఆ 761.52 అచ్చవుతుంది. మీ లెక్కలో అది 799.60 ఉండాలి. 38 రూపాయలు మింగేశారని అనిపించడం సహజం. కానీ కింది వరకూ చదవండి: తగ్గింపు పోగా 1,142.29, దాని మీద 5 శాతం 57.11, చివరి మొత్తం 1,199.40. మీకు రావాల్సింది మీకు వచ్చింది. డిస్కౌంట్ గడి చూసి కౌంటర్‌లో ఉన్న కుర్రాడి మీద అరిచి, చివరి మొత్తం చూడకుండా వెళ్లిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు చివరి మొత్తం చూడండి. అది ఎంఆర్‌పీలోంచి తగ్గింపు తీసేసినంతే ఉంటే మధ్యలో గడులు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

లక్షణం: మొత్తమే ఎక్కువ వచ్చింది, అదీ సరిగ్గా 5 శాతమో 18 శాతమో

ఇది నిజమైన తప్పు. షర్టుకు 1,199.40 బదులు 1,259.37 వేశారు. తేడా 59.97, అంటే సరిగ్గా 5 శాతం. పన్ను కలిసి ఉన్న ధరలోంచి తగ్గింపు తీసి, దాని మీద మళ్లీ పన్ను వేశారన్నమాట.

దీన్ని పట్టుకోవడానికి బిల్లులో ట్యాక్సబుల్ వాల్యూ అనే గడి వెతకండి. అందులో 1,142 ఉంటే పన్ను లోపలి నుంచి తీశారు, సరైన బిల్లు. అందులో తగ్గింపు ధర 1,199.40 యథాతథంగా ఉంటే పన్ను పైన వేశారు. ఈ ఒక్క గడి చూస్తే ఇంకే లెక్కా అక్కర్లేదు.

అడిగితే కౌంటర్‌లో వచ్చే జవాబు నాకు బాగా తెలుసు: "ఎంఆర్‌పీ దాటలేదు కదండీ!" నిజమే, 1,259 అనేది 1,999 కంటే తక్కువే. కానీ వాళ్లు చెప్పింది 40 శాతం తగ్గింపు. 60 శాతం కట్టాల్సిన చోట దాని మీద 5 శాతం కలిపితే 63 శాతం కట్టినట్టు. అంటే మీకు నిజంగా ఇచ్చింది 37 శాతమే. 18 శాతం పన్ను ఉండే వస్తువైతే 60 మీద దాదాపు 11 కలిసి 71 అవుతుంది, 40 శాతం తగ్గింపు కాస్తా 29 శాతానికి పడిపోతుంది. బోర్డు చూసి కొనడానికి వచ్చిన మనిషికి ఇది చిన్న తేడా కాదు.

"పన్ను అదనం అని బోర్డు కింద రాశాం" అని కూడా అంటారు. వ్యాట్ రోజుల్లో ఒక జాకెట్ మీద 40 శాతం తగ్గింపు ఇచ్చి పైన వ్యాట్ వసూలు చేసిన కేసు జాతీయ వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లింది. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కాబట్టి తగ్గింపు తర్వాత మళ్లీ పన్ను వేయడం తప్పుడు వ్యాపార పద్ధతి అని 2017లో కమిషన్ తేల్చింది. ఈ మాట మర్యాదగా చెప్పి మేనేజర్‌ను పిలవమనండి. బిల్లు రద్దు చేసి కొత్తది కొట్టడం వాళ్లకు రెండు నిమిషాల పని. ఒప్పుకోకపోతే బిల్లూ ట్యాగూ దాచుకుని 1915 నంబర్‌కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఒక చిన్న సందేహం తరచూ వస్తుంది. 3,999 ట్యాగ్ ఉన్న డ్రెస్ 2,500 దాటింది కాబట్టి 18 శాతం పడాలి కదా, బిల్లులో 5 శాతమే చూపించారేంటి అని. దుస్తులకు రేటు నిర్ణయించేది అమ్మిన ధర, ట్యాగ్ ధర కాదు. 40 శాతం తగ్గింపు తర్వాత అది 2,399కి వచ్చింది కాబట్టి 5 శాతమే.

లక్షణం: హోటల్లో, బంగారం షాపులో లెక్క కుదరలేదు

ఇక్కడ పన్ను పైనే పడుతుంది. హోటల్లో తిన్నది 1,600, తగ్గింపు 10 శాతం అయితే 1,440, దాని మీద 5 శాతం అంటే పదో వంతులో సగం, 72. మొత్తం 1,512. శాతం తగ్గింపును పన్నుకు ముందు తీసినా తర్వాత తీసినా ఇదే వస్తుంది, దాని గురించి టెన్షన్ వద్దు. కూపన్ రూపాయల్లో ఉంటే మాత్రం తేడా వస్తుంది. అదే 1,600 మీద 10 శాతం బదులు 200 రూపాయల కూపన్ ఉందనుకోండి. పన్నుకు ముందు తీస్తే 1,470, పన్ను వేశాక తీస్తే 1,480. ఆ పది రూపాయలు కూపన్ మీద పడే 5 శాతం పన్ను. బిల్లులో సర్వీస్ చార్జ్ కనిపిస్తే అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగవచ్చు.

బంగారం దగ్గర తగ్గింపు దేని మీదో అడగండి. "25 శాతం తగ్గింపు" అనేది సాధారణంగా మజూరీ మీదే. లక్ష రూపాయల బంగారానికి మజూరీ 12,000 అయితే తగ్గేది 3,000. తర్వాత 1,09,000 మొత్తం మీద 3 శాతం జీఎస్టీ: లక్షకు మూడు వేలు, తొమ్మిది వేలకు 270. కట్టాల్సింది 1,12,270. తరుగు అని విడిగా రాస్తే దాన్ని కూడా మజూరీతో కలిపి చూడండి.

మిగిలినవి

యాభై పైసల లోపు తేడా రౌండ్ ఆఫ్ వల్ల, వదిలేయండి. ఐదో పదో రూపాయల తేడా అయితే క్యారీ బ్యాగ్ వేశారేమో చూడండి. ఒకే వస్తువు రెండుసార్లు స్కాన్ అయిందేమో సంఖ్య గడిలో తెలిసిపోతుంది. షెల్ఫ్ మీద ఒక ధర, కంప్యూటర్‌లో ఇంకో ధర ఉండటం ఎప్పుడో గానీ జరగదు. అలా జరిగితే షెల్ఫ్ లేబుల్ ఫొటో తీసి కౌంటర్‌లో చూపించండి.