ట్యాబ్ మూసుకుపోయింది, పంపని మెసేజ్ ఎక్కడుంది?

సమస్య: కంప్యూటర్‌లో ఒక సైటు చాట్ బాక్సులో పెద్ద మెసేజ్ కొట్టారు. పంపే లోపే ట్యాబ్ క్లోజ్ అయింది. మళ్లీ సైటు తెరిస్తే బాక్సు ఖాళీగా ఉంది.

మా బావది పరకాల దగ్గర ఊరు, మిర్చి వేస్తాడు. కొత్తగా కొన్న స్ప్రేయర్‌కు ప్రెషర్ రావడం లేదని కంపెనీ చాట్‌లో బిల్లు నంబరు, తేదీలు, ఏ రోజు ఎవరికి ఫోన్ చేశాడో అంతా తెలుగులో రాశాడు. పక్క ట్యాబ్ మూయబోయి అదే మూసేశాడు. "అర్ధగంట సేపు కొట్టిన, మొత్తం పోయింది" అని ఫోన్ చేశాడు. "బావా, ఆ బాక్సులో ఒక్క అక్షరం కూడా కొట్టకు, నేను వస్తున్నా" అని హనుమకొండ నుంచి బయలుదేరాను.

అలా ఆపడానికి కారణం ఉంది. చాలా చాట్ సైట్లు మనం రాస్తుండగానే డ్రాఫ్ట్‌ను బ్రౌజర్‌లోనే దాచుకుంటాయి. ఖాళీ బాక్సులో కొత్తగా ఏదైనా కొడితే, పాత డ్రాఫ్ట్ స్థానంలో అదే సేవ్ అయిపోవచ్చు.

మొదటి ప్రయత్నం: అడ్రస్ మళ్లీ టైప్ చేసి సైటు తెరవకండి. `Ctrl+Shift+T` నొక్కండి. మూసిన ట్యాబే తిరిగి వస్తుంది. మధ్యలో వేరే ట్యాబులు మూసి ఉంటే, మనది వచ్చేదాకా నొక్కుతూ పోవాలి. ఈ దారిలో వస్తే ఆ ట్యాబ్‌కే పరిమితమైన తాత్కాలిక డేటా కూడా వెంట వచ్చే అవకాశం ఉంది. అడ్రస్ కొట్టి కొత్తగా తెరిస్తే అది రాదు.

బావ కంప్యూటర్‌లో పేజీ వచ్చింది, బాక్సు మాత్రం ఖాళీయే. ఎందుకో తెలియాలంటే బాక్సు మీద రైట్ క్లిక్ చేసి `Inspect` నొక్కాలి. అక్కడ `textarea` అని కనబడితే అది మామూలు ఫారం పెట్టె, అందులో రాసింది బ్రౌజర్ తనంతట తాను తిరిగి నింపగలదు. మాకు కనబడింది ఇది:

```
<div contenteditable="true">
```

ఇలాంటి బాక్సు చూడడానికి పెట్టెలా ఉన్నా, బ్రౌజర్ దాన్ని ఫారంగా లెక్కపెట్టదు, అందుకే నింపలేదు. ఇక మిగిలింది సైటు దాచుకున్న డ్రాఫ్టే.

రెండో ప్రయత్నం: క్రోమ్‌లో `F12` నొక్కి `Application` తెరవండి, ఎడమవైపు `Local storage` విప్పండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే `Storage` అని ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. కంపెనీ సైటు అడ్రస్ కింద చూసి, ఏమీ లేదని వదిలేస్తారు. చాట్ బాక్సు తరచుగా వేరే సంస్థది, వేరే అడ్రస్ నుంచి పేజీలోకి వస్తుంది. దాని డేటా కూడా ఆ అడ్రస్ కిందే ఉంటుంది. కాబట్టి జాబితాలో ఉన్న అడ్రసులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడాలి.

మాకు రెండో అడ్రస్ కింద `draft` అనే పేరుతో మొదలయ్యే వరుస దొరికింది, పక్కనే బావ రాసిన తెలుగు. పేరు చివర ఒక చాట్ నంబరు ఉంది. పేజీ మళ్లీ తెరిచినప్పుడు సైటు కొత్త నంబరుతో కొత్త చాట్ మొదలుపెట్టింది, డ్రాఫ్ట్ పాత నంబరు కిందే ఉండిపోయింది. బాక్సు ఖాళీగా కనబడడానికి అసలు కారణం అదే.

వరుసలు మరీ ఎక్కువుంటే `Console`లోకి వెళ్లి, మీరు రాసిన మాట ఒకటి పెట్టి వెతకొచ్చు:

```
Object.entries(localStorage).filter(e => e[1].includes('స్ప్రేయర్'))
```

పైన `top` అని ఉన్న చోట చాట్ బాక్సు అడ్రస్ ఎంచుకున్నాకే ఇది అక్కడ వెతుకుతుంది. `[]` వస్తే ఆ చోట లేనట్టు. ఈ కన్సోల్‌లో ముక్కూముఖం తెలియనివాళ్లు పంపిన కోడ్ మాత్రం ఎప్పుడూ పేస్ట్ చేయకండి, మీ అకౌంట్ వాళ్ల చేతికి పోవచ్చు.

దొరికినదాన్ని ముందు నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోవాలి. మధ్యలో `\n` అని కనబడిన ప్రతిచోటా మీరు లైను మార్చారన్నమాట, దాన్ని తీసేసి ఎంటర్ కొడితే చాలు. బావ మెసేజ్‌లో చివరి వాక్యం సగంలోనే ఆగింది. టైపింగ్ కాసేపు ఆపినప్పుడే సేవ్ చేసే సైట్లు ఉంటాయి, మూసే ముందు కొట్టిన నాలుగు మాటలు అలా పోతాయి. బిల్లు నంబరు, తేదీలు అన్నీ ఉన్నాయి, ఆ వాక్యం ఒక్కటి మళ్లీ రాసి పంపించాడు.

అక్కడా లేకపోతే, అదే అకౌంట్‌తో ఫోన్‌లో లాగిన్ అయి చూడండి. డ్రాఫ్ట్‌ను సర్వర్‌లో దాచే సైటైతే అక్కడ కనబడుతుంది. ఇన్‌కాగ్నిటోలో రాసి ఆ విండోలన్నీ మూసేసినా, హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా క్లియర్ చేసినా బ్రౌజర్‌లో దాచింది పోయినట్టే, అప్పుడు మళ్లీ రాసుకోవాల్సిందే.