మాక్ వైవా తర్వాత మేడమ్ ఇచ్చిన ఉత్తరం

వేరుశనగలో డ్రిప్ సేద్యం మీద నేను రాసిన థీసిస్‌కు అనంతపురంలో మాక్ వైవా అయిన మర్నాడు మా గైడ్ మేడమ్ రెండు పేజీల ఉత్తరం ఇచ్చారు. రైతులతో మాట్లాడిన తీరు బాగుందన్నారు, టేబుళ్ల నంబర్లు సరిచేయమన్నారు. అసలు లోపం నాలుగో అధ్యాయంలో ఉంది.

"డ్రిప్ వల్లే వేరుశనగ దిగుబడి పెరిగిందని రాశావు. డ్రిప్ ఉన్నవాళ్లందరికీ బోరుంది కదమ్మా, లేనివాళ్లలో సగం మందిది వానాధారం. మరి ఆ తేడా డ్రిప్‌దా, నీళ్లదా?"

చదవగానే గుండె జారింది. బోరున్న రైతులను మాత్రమే విడదీసి, డ్రిప్ వాడేవాళ్లను, మామూలుగా నీళ్లు పారించేవాళ్లను మళ్లీ పోల్చాను. తేడా బాగా తగ్గింది, కానీ పోలేదు. "వల్ల పెరిగింది" అన్నచోటల్లా "డ్రిప్ ఉన్న పొలాల్లో ఎక్కువ కనిపించింది" అని మార్చాను. పోల్చిన రైతుల సంఖ్య తగ్గిందని పరిమితుల్లో రాశాను.

సారాంశంలో పాత వాక్యం ఒకటి మిగిలిపోయింది. మేడమ్ దాని కింద పెన్సిల్‌తో గీత గీశారు. అదీ మార్చాను.