ఏహెచ్‌యూ ఫిల్టర్ కొత్తదే, మానోమీటర్ బాగానే ఉంది, అయినా లోపల పీఎం2.5 ఎందుకు పెరుగుతోంది?

సమస్య: ఢిల్లీలో నవంబర్. భవనంలోకి గాలిని శుభ్రం చేసి పంపే ఏహెచ్‌యూలో ఈపీఎం1 70%, అంటే ఒక మైక్రాన్ లోపు కణాల్లో 70% ఆపుతాయని లేబుల్ ఉన్న బ్యాగ్ ఫిల్టర్లు వేసి నెల దాటింది. మొదటి వారం గాలి శుభ్రంగా వచ్చింది, ఇప్పుడు రావడం లేదు. ఫిల్టర్‌కి ముందూ వెనకా గాలి ఒత్తిడి తేడా చూపే మానోమీటర్ మాత్రం 110 పాస్కల్ నుంచి 130 దగ్గరే ఉంది.

ముందు గ్యాస్కెట్ చూడండి. దీన్ని వదిలేసి నేరుగా ఫిల్టర్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ. ఫ్యాన్ ఆపి, ఫిల్టర్ల ముందు వైపు లైటు పెట్టి వెనక నుంచి చూడండి. ఫ్రేము అంచుల్లో వెలుగు కనబడితే గాలి కూడా అటే పోతోంది. క్లిప్పులు బిగించండి, గ్యాస్కెట్ మార్చండి.

అక్కడ అంతా బాగుంటే, కారణం ఫిల్టర్ మీడియాలోని, అంటే గాలిని వడకట్టే పొరలోని ఛార్జ్. కొన్ని సింథటిక్ ఫిల్టర్లు స్థిర విద్యుత్‌తో ధూళిని లాగుతాయి. అందుకే పోగులు పలచగా ఉన్నా కొత్తలో ధూళిని బాగా పట్టుకుంటాయి, ఆ ఒత్తిడి తేడా, అంటే ప్రెషర్ డ్రాప్ కూడా తక్కువే. డీజిల్ పొగ, మసి లాంటి సూక్ష్మ కణాలు పేరుకునే కొద్దీ ఆ ఛార్జ్ పనిచేయడం మానేస్తుంది. దీన్ని మానోమీటర్ పట్టుకోలేదు, అది చూపించేది గాలికి అడ్డు ఎంతుందో మాత్రమే.

లేబుల్ కూడా ఇక్కడే మోసం చేస్తుంది. ఐఎస్ఓ 16890 ప్రకారం ఆ 70% అంటే కొత్త ఫిల్టర్ సామర్థ్యానికీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరితో ఛార్జ్ తీసేశాక మిగిలిన సామర్థ్యానికీ సగటు. 72, 68 కలిసినా 70 వస్తుంది. 85, 55 కలిసినా 70 వస్తుంది. ఫిల్టర్ ముందు పీఎం1 200 మైక్రోగ్రాములుంటే, 85% దగ్గర 30 ఫిల్టర్ దాటి లోపలికి వస్తుంది, 55% దగ్గర 90 వస్తుంది. పార్టికల్ కౌంటర్‌తో ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒకేసారి కొలవండి, నిష్పత్తి చెప్పేస్తుంది.

పరిష్కారం: టెస్ట్ రిపోర్ట్ అడిగి, ఛార్జ్ తీసేశాక ఉన్న అంకె చూసి కొనండి. గ్లాస్ ఫైబర్ మీడియాకి ఈ పతనం చాలా తక్కువ. దాని ప్రెషర్ డ్రాప్ ఎక్కువని భయపడితే మీడియా వైశాల్యం ఎక్కువున్న వీ-బ్యాంక్ రకం తీసుకోండి.

కరెంటు ఖర్చు ఇలా లెక్కేయండి:

```
kWh = Q × ΔP × h / (1000 × η)
```

గాలి Q సెకనుకి 5 ఘనపు మీటర్లు, h ఏడాదికి 4000 గంటలు, ఫ్యాన్-మోటార్ సామర్థ్యం η 0.55 అనుకుంటే, సగటు డ్రాప్ ΔPలో ప్రతి 20 పాస్కల్‌కీ సుమారు 730 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలైతే ఏడాదికి 7,300. మంచి మీడియాకి కట్టే అదనం అంతే. 250 దగ్గర మార్చాల్సిన ఫిల్టర్‌ని 450 దాకా లాగితే సగటు 100 పాస్కల్ పెరిగి, 36,000 రూపాయలు పోతాయి. ఒక ఫిల్టర్ సెట్ ధరని దాని పక్కన పెట్టి చూసి మార్చే పాయింట్ తేల్చండి. ఈ లెక్క ఫ్యాన్ వేగాన్ని మార్చి గాలి పరిమాణాన్ని నిలబెట్టే వీఎఫ్‌డీ ఉన్నచోటే నిజం. లేనిచోట కరెంటు పెరగదు, గాలి తగ్గుతుంది.

బ్యాగ్ చిరగడం, ప్రెషర్ ట్యూబ్ ఊడటం అరుదు, తలుపు తెరిస్తే కనబడతాయి.