ప్రసవం తర్వాత మలబద్ధకం, మొలలు: కుట్ల భయం ఉన్నప్పుడు ఏం చేయాలి?

సమస్య: విరేచనం వస్తున్నట్టే ఉంటుంది, కానీ ముక్కితే కుట్లు విడిపోతాయేమోనని భయం వేసి వెళ్లలేకపోతారు.

కారణం: కాన్పు తర్వాత మొదటి విరేచనం రెండు మూడు రోజులు ఆలస్యం కావడం సహజమే. నొప్పుల సమయంలో తిండి సరిగా ఉండదు, ఒంట్లో నీరు తగ్గుతుంది, ఆపైన ఐరన్ మాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు పేగుల కదలికను మందగింపజేస్తాయి. అయితే ఈ ఆలస్యాన్ని మలబద్ధకంగా మార్చేది చాలాసార్లు భయమే. మలాన్ని ఆపుకున్న కొద్దీ పేగు అందులోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి, ఈ రోజు మెత్తగా పోవలసినది రేపటికి గట్టిపడి, భయపడినంత నొప్పినీ నిజంగానే కలిగిస్తుంది.

ఇక్కడ కుట్లు ఎక్కడుంటాయో తెలుసుకోవడం అవసరం. ఎక్కువ మందిలో అవి యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్యనున్న చర్మంలో, దాని కింది కండరాల్లో పొరలుగా వేసి ఉంటాయి. మలం పోయే దారి వాటి వెనుక ఉంటుంది. మలం కిందికి దిగేటప్పుడు ఆ భాగమంతా ఒత్తిడికి లోనై, తెగిపోతున్నట్టు అనిపించవచ్చు గానీ, విరేచనం వల్ల కుట్లు విడిపోవడం చాలా అరుదు.

పరిష్కారం: కాన్పై నాలుగో రోజున ఉన్న ఒక బాలింతను ఉదాహరణగా తీసుకుందాం. చర్మం, కండరం వరకే చిరుగు పడి కుట్లు వేశారు, ఐరన్ వాడుతున్నారు, రెండు రోజులుగా విరేచనాన్ని ఆపుకుంటున్నారు. ఈమె ముందుగా చేయవలసింది ముక్కడం కాదు, మలాన్ని మెత్తబరచడం. వైద్యులు సాధారణంగా లాక్టులోజ్ సిరప్ 15 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. అది పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది, ఒంట్లోకి దాదాపు ఇంకదు కనుక పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సాయంత్రానికి ఫలితం కనిపించలేదని మోతాదు పెంచుకోకూడదు. దానితోపాటు నీళ్లు, పీచు ఉన్న ఆహారం తీసుకోవాలి. ఐరన్ మాత్రలను సొంతంగా ఆపేయకుండా, మార్చే వీలుందేమో వైద్యులను అడగాలి.

తిన్న తర్వాత పేగులు సహజంగానే కదులుతాయి కాబట్టి, ఉదయం ఆహారం తీసుకున్న అరగంటకు వెళ్లడం మేలు. కమోడ్ మీద కూర్చుని, మోకాళ్లు తుంటికంటే పైకి వచ్చేలా పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, మోచేతులను తొడలపై ఆనించి ముందుకు వంగాలి. శుభ్రమైన ప్యాడ్‌ను చేతితో కుట్లకు ఆనించి మెల్లగా పైకి పట్టి ఉంచితే ఆ భాగానికి ఆసరా దొరుకుతుంది, భయం కూడా చాలావరకు తగ్గుతుంది. ఊపిరి బిగబట్టకుండా, నోరు తెరిచి నెమ్మదిగా వదులుతూ, పొట్టను వదులుగా ఉంచాలి. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయాలి; మళ్లీ అనిపించినప్పుడు మాత్రం ఆపుకోకూడదు. తర్వాత నీటితో కడిగి, రుద్దకుండా అద్ది తుడవాలి.

చిరుగు మలద్వారపు కండరం వరకు వెళ్లిందని చెప్పి ఉంటే, మలద్వారం గుండా ఇచ్చే సపోజిటరీ, ఎనిమా వంటివి వైద్యులు చెప్పనిదే పెట్టుకోకూడదు.

సమస్య: మలద్వారం దగ్గర మెత్తని బుడిపె తగులుతోంది, మలంతోపాటు ఎర్రటి రక్తపు చుక్కలు పడుతున్నాయి.

కారణం, పరిష్కారం: గర్భంలో పెరిగిన ఒత్తిడికీ, కాన్పులో ముక్కడానికీ ఉబ్బిన సిరలే ఈ మొలలు. మలం మెత్తబడితే ఎక్కువ భాగం కొన్ని వారాల్లో తగ్గుతాయి. గోరువెచ్చని నీటి తొట్టిలో పది పదిహేను నిమిషాలు కూర్చోవడం, గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టడం ఉపశమనాన్నిస్తాయి. బయటికి వచ్చిన మొలను జెల్ రాసుకున్న వేలితో నెమ్మదిగా లోపలికి నెట్టవచ్చు. విరేచన సమయంలో కత్తితో కోసినట్టు నొప్పి పుట్టి, ఆ తర్వాత కూడా చాలాసేపు మంటగా ఉంటే అది మొల కాకపోవచ్చు, మలద్వారపు చర్మం చీలి ఉండవచ్చు. దానికి మందులు వేరు.

బుడిపె ఒక్కసారిగా గట్టిపడి, నీలంగా మారి, కూర్చోలేనంత నొప్పి పుడితే లోపల రక్తం గడ్డకట్టిందన్నమాట. ఇది మొదటి రెండు మూడు రోజుల్లో చూపిస్తే చికిత్సతో ఎక్కువ ఉపశమనం దొరుకుతుంది, ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గుతుంది.

సమస్య: గట్టి మలం రాకుండా, నీళ్లలా కొద్దికొద్దిగా కారుతోంది.

కారణం, పరిష్కారం: దీన్ని నీళ్ల విరేచనాలని పొరబడి, ఆపే మందు వేసుకోవడం ప్రమాదకరం. లోపల గట్టి మలం అడ్డుపడి, దాని పక్కనుంచి పలచని మలం జారుతూ ఉండవచ్చు. మలద్వారపు కండరం దెబ్బతిన్నా మలం, గాలి ఆగకుండా పోవచ్చు. రెండింటికీ వైద్యులే పరీక్షించి చెప్పాలి. జ్వరం, కుట్ల నుంచి దుర్వాసనతో చీము, కుట్లు విచ్చుకున్నట్టు కనిపించడం, ఆగని రక్తస్రావం, పొట్ట ఉబ్బి వాంతులు కావడం జరిగితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.