ల్యాప్‌టాప్‌లో పెద్దగా, గోడ మీద చిన్నగా: ప్రొజెక్టర్ అక్షరాల సమస్య - పరిష్కారం

పుత్తూరు వైపు ఒక హైస్కూల్ నుంచి తెలుగు మేడం ఒకరు లెటర్ పంపారు. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల బడుల కంప్యూటర్లు చూసుకునే నాకు ఇలాంటివి ఏటా వస్తూనే ఉంటాయి. సారాంశం ఇది: "సార్, ప్రొజెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు పెద్దవి చేయించండి, స్క్రీన్ మీద ఉన్న బటన్లు, మెనూలు తగ్గించండి. ఆఖరి బెంచీ పిల్లలు ద ఏదో ధ ఏదో తేల్చుకోలేక పక్కవాడి నోట్సు చూసి రాస్తున్నారు. నేను సెట్టింగ్స్‌లో పెద్దది చేశాను, నా ల్యాప్‌టాప్‌లో బాగానే పెరిగింది, గోడ మీద మాత్రం అలాగే ఉంది."

ఆ చివరి వాక్యం ఒక్కటి చాలు. సాఫ్ట్‌వేర్ మార్చాల్సిన పని లేదు, కంపెనీకి ఫోన్ చేయాల్సిన పని అంతకన్నా లేదు.

ముందు చూడాల్సింది

కీబోర్డు మీద Windows గుర్తు ఉన్న కీ పట్టుకుని P నొక్కండి. కుడివైపు నాలుగు మాటలు వస్తాయి, వాటిలో Duplicate ఎంచుకుని ఉందా, Extend ఎంచుకుని ఉందా చూడండి. రెండు సెకన్ల పని. ఇది చూడకుండా ఫాంట్లు దించుకున్నవాళ్లని, కొత్త ప్రొజెక్టర్‌కి ఇండెంట్ పెట్టినవాళ్లని కూడా చూశాను. Extend అని ఉంటే మీ జబ్బు తొంభై పాళ్లు కింద చెప్పబోయేదే.

అసలు కారణం

Extend లో విండోస్ లెక్క ప్రకారం ల్యాప్‌టాప్ ఒక స్క్రీన్, గోడ ఇంకో స్క్రీన్. అక్షరాల, మెనూల సైజు నిర్ణయించే Scale అనే సెట్టింగ్ ఏ స్క్రీన్‌కి ఆ స్క్రీన్‌కి విడిగా ఉంటుంది. ల్యాప్‌టాప్ తెర చిన్నది, చుక్కలు దట్టంగా ఉంటాయి కాబట్టి విండోస్ దానికి తనంతట తానే 150% పెట్టేస్తుంది. ప్రొజెక్టర్ మాత్రం తన బొమ్మ ఎన్ని అంగుళాలో చెప్పలేదు, గోడ ఎంత దూరంలో ఉందో దానికే తెలియదు కదా, అందుకని విండోస్ దాన్ని 100% దగ్గర వదిలేస్తుంది. మేడం గారు Settings తెరిచి పెంచింది ఒకటో నంబరు స్క్రీన్, అంటే ల్యాప్‌టాప్. ఆ పేజీ తెరవగానే సాధారణంగా ఎంచుకుని ఉండేది అదే. మీ కళ్లముందు పెరుగుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు, వెనక్కి తిరిగి గోడ చూడరు.

100% అంటే ఎంత చిన్నదో ఆ గది కొలతలతోనే చూద్దాం. ప్రొజెక్టర్ 1280 x 800 రకం, గోడ మీద బొమ్మ వెడల్పు ఆరడుగులు. ఒక్కో చుక్క దాదాపు 1.4 మిల్లీమీటర్లు. 12 సైజు అక్షరానికి 100% దగ్గర 16 చుక్కల ఎత్తు దొరుకుతుంది, అందులో గుడులు, వత్తుల చోటు తీసేస్తే అక్షరం ఒంటికి మిగిలేది సుమారు సగం, అంటే 11 మిల్లీమీటర్లు. ఆఖరి బెంచీ 24 అడుగుల దూరం. కంటి డాక్టరు దగ్గర చూపు మామూలుగా ఉన్నవాళ్లు చదవగలిగే 6/6 వరస అక్షరం ఆ దూరానికి సుమారు 10.6 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే ఆ పిల్లలు పీరియడ్ అంతా కంటి పరీక్ష రాస్తున్నట్టే. ధ లో ఆ చిన్న గీత అయితే ఒకటి రెండు చుక్కలే, అది ముందు మాయమవుతుంది. ఫ, ఛ కూడా అంతే. ఇంగ్లీషు సార్లు ఇదే ప్రొజెక్టర్ మీద ఫిర్యాదు చేయరు, ఎందుకంటే వాళ్ల అక్షరాల కింద వత్తులు లేవు.

బాగు చేయడం

Settings, System, Display లోకి వెళ్లండి. పైన 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. Identify నొక్కితే ఏ నంబరు ఏ తెరో పెద్దగా చూపిస్తుంది. గోడ మీద వచ్చిన నంబరు డబ్బా మీద క్లిక్ చేయండి, ఇదే అందరూ వదిలేసే మెట్టు. ఇప్పుడు కిందికి దిగితే కనిపించే Scale గోడది. దాన్ని 125% చేయండి. Display resolution దగ్గర Recommended అని ఉన్నదే ఉంచండి. తర్వాత మీ పాఠం సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవండి, పాతవి కొన్ని తెరిచి ఉండగా సైజు మార్చుకోవు, మసకబారతాయి.

125 తో ఆగమనడానికి కారణం ఉంది. 1280 x 800 కి విండోస్ మామూలుగా లిస్టులో అంతకంటే పెద్దది ఇవ్వదు. కొందరు Custom scaling లోకి వెళ్లి 150 కొడతారు. అది అన్ని తెరలకీ ఒకేసారి పడుతుంది. పైగా గోడ మీద 853 x 533 చుక్కలంత జాగానే మిగులుతుంది, పెద్ద డబ్బాల్లో OK బటన్ అడుగున కనపడకుండా పోతుంది. పిల్లల ముందు నిలబడి ఆ బటన్ వెతకడం ఎంత టెన్షనో పడినవాళ్లకి తెలుసు. ఇప్పటికే అలా చేసి ఉంటే అదే పేజీలో Turn off custom scaling and sign out అని ఉంటుంది, అది నొక్కండి.

మరి 125% తో అక్షరం 14 మిల్లీమీటర్లే కదా అంటారు. నిజమే. Scale తో పెరగాల్సింది మెనూలు, పాఠం అక్షరాన్ని పెంచాల్సింది సాఫ్ట్‌వేర్‌లోని జూమ్. Ctrl పట్టుకుని మౌస్ చక్రం తిప్పి 200% కి తెస్తే 28 మిల్లీమీటర్లు వస్తుంది, ఆఖరి బెంచీకి అది హాయిగా సరిపోతుంది. పేజీలో సగమే కనిపిస్తుందని బాధపడకండి, పద్యం ఒక్కటి కనిపిస్తే చాలు, పేజీ నంబరు పిల్లలకి అక్కర్లేదు.

లెటర్‌లో రెండో కోరిక, స్క్రీన్ సాదాగా ఉండాలని, కొన్ని కీలతోనే చాలావరకు తీరుతుంది. వర్డ్, పవర్‌పాయింట్‌లో Ctrl+F1 కొడితే పైన ఉన్న బటన్ల వరస ముడుచుకుంటుంది, మళ్లీ కొడితే వస్తుంది. బ్రౌజర్‌లో అయితే F11. పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌ని అడోబ్ రీడర్‌లో తెరిస్తే Ctrl+2 తో పేజీ వెడల్పు తెర వెడల్పుకి సరిపోతుంది.

ఈ సెట్టింగ్‌ని విండోస్ ఆ ప్రొజెక్టర్‌కే గుర్తుపెట్టుకుంటుంది. పక్క గదిలో వేరే ప్రొజెక్టర్‌కి తగిలిస్తే మళ్లీ 100% కనిపించవచ్చు, పాడైందనుకోవద్దు, మళ్లీ ఒకసారి పెట్టండి.

Duplicate లో ఉంటే

అప్పుడు మీకు ఏది కనిపిస్తే గోడ మీద అదే. రెజల్యూషన్ 1920 x 1080 ఉందేమో చూసి 1280 x 800 కి దించండి, లేకపోతే ప్రొజెక్టర్ ఆ చుక్కల్ని కుదించి వత్తుల్ని నలిపేస్తుంది. ల్యాప్‌టాప్ తెర కాస్త మసకగా కనిపిస్తుంది, ఫర్వాలేదు.

మిగతావి అరుదు. ఒక మూల మసక, ఒక మూల స్పష్టం అయితే ప్రొజెక్టర్ వంకరగా ఉంది, నిటారుగా పెట్టి ఫోకస్ తిప్పండి. అక్షరాల బదులు డబ్బాలు వస్తే ఫాంట్ లేదు, అది వేరే కథ. ప్రొజెక్టర్ బదులు నాడు-నేడు పథకం కింద వచ్చిన పెద్ద టచ్ ప్యానెల్ ఉన్న గదులకి ఈ లెక్క వర్తించదు.

ఇదంతా చేశాక కూడా కనపడకపోతే అప్పుడు లెటర్ రాయండి. అందులో Duplicate నా Extend నా, గోడ నంబరుకి Scale ఎంత, బొమ్మ వెడల్పు ఎన్నడుగులు, ఆఖరి బెంచీ ఎంత దూరం అని రాసి, ఆ బెంచీలో కూర్చుని జూమ్ చేయకుండా తీసిన ఫోటో ఒకటి జతచేయండి.