బాకీ ఉత్తరాలు – 4: ఆఖరి నోటీసును తిరగరాయడం

గత పాఠంలో బిల్లు, తేదీ, బాకీ మొత్తం వరుసగా రాయమన్నాను. లెక్కలు దాదాపు అందరూ సరిగానే రాశారు. చివరి పేరాకు వచ్చేసరికి మాత్రం చాలామంది కలం కర్రగా మారింది. హనుమకొండలో పైపుల దుకాణం నడిపే ఒకాయన ఇలా ముగించారు:

"ఇప్పటికైనా డబ్బు కట్టకపోతే పోలీసు కేసు పెట్టి మీ పరువు బజారుకీడుస్తాం. తర్వాత మమ్మల్ని అని లాభం లేదు."

ఇందులో పోలీసు మాట అన్నిటికన్నా చెడ్డది. సరుకు తీసుకుని డబ్బు ఆపడం మామూలుగా సివిల్ తగాదా. కొనేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపగలిగితే తప్ప అది మోసం కేసు కాదు. కొంత సొమ్ము కట్టిన మనిషి విషయంలో అలా చూపడం ఇంకా కష్టం. ఇక పరువు తీస్తామని రాతపూర్వకంగా బెదిరిస్తే, భారతీయ న్యాయ సంహితలోని 351వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయడానికి మీరే అవతలివాళ్లకు కాగితం అందించినట్లు. రేపు దావాలో వారి వకీలు మొదట చూపేది మీ ఉత్తరమే. మీరు నిజంగా చేయగలిగిన, చేయబోయే పని ఒక్కటే రాయండి.

నేనైతే ఆఖరి వాక్యం ముందు రాసుకుని, పై భాగం తర్వాత నింపుతాను. ఆయన ఉత్తరం ఇలా మారింది:

"12.1.2026 నాటి 47వ నంబరు బిల్లుపై మీరు రూ. 1,18,000 విలువైన పీవీసీ పైపులు తీసుకున్నారు. 2.3.2026న రూ. 50,000 చెల్లించారు. ఇంకా రూ. 68,000 రావాలి. ఈ మొత్తాన్ని 30.6.2026లోగా చెల్లించగలరు. లెక్కలో తేడా ఉంటే అదే గడువులోగా రాతపూర్వకంగా తెలపండి. రెండూ జరగకపోతే బాకీ వసూలుకు సివిల్ కోర్టులో దావా వేస్తాం."

"ఇప్పటికైనా" పోయి తేదీ వచ్చింది. లెక్కలో తేడా ఉంటే చెప్పమన్నందుకు ఉత్తరం మెత్తబడలేదు. అవతలివారు మౌనంగా ఉంటే అది మనకే పనికొస్తుంది, జవాబిస్తే తగాదా ఎక్కడుందో ముందే తెలుస్తుంది. వడ్డీ గురించి బిల్లులో ఒప్పుకోలు లేకపోతే నోటీసులో కొత్తగా 24 శాతం పుట్టించకండి.

నోటీసు పంపితే కాలపరిమితి పెరగదు. గడువు పెట్టి అప్పివ్వకపోతే, సరుకు అందిన రోజు నుంచి 3 సంవత్సరాల్లో దావా పడాలి. ఆ లోపు బాకీని ఒప్పుకుంటూ బాకీదారు సంతకం చేసిన చీటీ వస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది. చెక్కు తిరిగొచ్చిన బాకీకి ఈ నమూనా వాడవద్దు. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపు వేరే నోటీసు వెళ్లాలి, దానికి వకీలును కలవండి.

అభ్యాసం: మీ పాత బాకీ ఉత్తరం ఒకటి తీసి విశేషణాలన్నీ కొట్టేయండి. మిగిలినదాన్ని ఎనిమిది వాక్యాల్లో తిరగరాసి, ప్రతి అంకె పక్కన దానికి రుజువైన కాగితం పేరు పెన్సిలుతో రాయండి. కాగితం దొరకని అంకెను తీసేయండి.