డబ్బు కట్ అయింది, అవతలికి చేరలేదు: బ్యాంకు మెయింటెనెన్స్ వేళల్లో యూపీఐ చిక్కులు

యూపీఐలో ఒక్కో చెల్లింపుకు రెండు బ్యాంకులు పనిచేయాలి. ముందు మీ బ్యాంకు డబ్బు తీస్తుంది, ఆ తర్వాత అవతలి వారి బ్యాంకు జమ చేస్తుంది. మధ్యలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఇద్దరికీ సందేశాలు అందిస్తుంది. ఏ బ్యాంకు ఏ క్షణంలో మూతపడిందన్న దాన్నిబట్టి మీ ఫోనులో కనిపించేది మారుతుంది.

సమస్య 1: వెంటనే విఫలమైంది, డబ్బు పోలేదు

కారణం: మీ బ్యాంకు అందుబాటులో లేదు. ఖాతాల లెక్కలన్నీ ఉండే ప్రధాన వ్యవస్థను కోర్ బ్యాంకింగ్ అంటారు. ప్రతి రాత్రీ అందులో ఆ రోజు లెక్క మూయాలి, వడ్డీలు వేయాలి, తేదీ మార్చాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు, డేటాను మరో చోటికి తరలించేటప్పుడు లావాదేవీలు నడుస్తూ ఉంటే పాత చోట ఒక నిల్వ, కొత్త చోట మరో నిల్వ మిగిలే ప్రమాదం ఉంది. అందుకే రాకపోకలు ఆపేస్తారు.

పరిష్కారం: వేరే బ్యాంకు ఖాతాతో చెల్లించండి. చిన్న మొత్తమైతే యూపీఐ లైట్ కూడా పనికొస్తుంది. అందులో ముందే వేసుకున్న సొమ్ము నుంచి చెల్లింపు జరుగుతుంది కాబట్టి మీ బ్యాంకు కోర్ వ్యవస్థను ఆ క్షణంలో అడగాల్సిన పని లేదు. అయితే బ్యాంకు మూతపడ్డాక అందులో సొమ్ము వేసుకోవడం కుదరదు.

సమస్య 2: డబ్బు కట్ అయింది, అవతలికి అందలేదు

జనాన్ని నిజంగా కంగారు పెట్టేది ఇదే. కారణం అవతలి బ్యాంకు వైపు ఉంటుంది, పైగా చాలాసార్లు మూసివేత మొదలయ్యే అంచులో పుడుతుంది. బ్యాంకు పూర్తిగా మూసి ఉందని తెలిస్తే ఎన్‌పీసీఐ ముందే తిప్పి పంపగలదు, మీ ఖాతా జోలికి ఎవరూ రారు. అంచులో కథ వేరు.

2024 జులై 13న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కొత్త కోర్ వ్యవస్థకు మారింది. ముందే ప్రకటించిన ప్రకారం తెల్లవారుజామున 3 గంటల నుంచి సాయంత్రం 4.30 వరకు మార్పు పని. యూపీఐ మాత్రం 3 నుంచి 3.45 వరకు, మళ్లీ ఉదయం 9.30 నుంచి 12.45 వరకు ఆగింది. ఇలాంటి షెడ్యూలులో 9.29కి మీరు వేరే బ్యాంకు నుంచి 2,000 రూపాయలు పంపారనుకోండి. మీ బ్యాంకు డబ్బు తీసింది. జమ చేయమన్న సందేశం వెళ్లేసరికి అవతల తలుపులు పడిపోతున్నాయి. ‘చేయను’ అని జవాబు వస్తే డబ్బు వెంటనే మీకు తిరిగి వస్తుంది. అసలు జవాబే రాకపోతే, జమ అయిందో లేదో ఎవరికీ తెలియదు. అప్పుడు యాప్‌లో ‘పెండింగ్’ అని ఉంటుంది. ఆ బ్యాంకు తిరిగి తెరుచుకుని లెక్కలు సరిపోల్చుకున్నాకే తేలుతుంది.

పరిష్కారం: పెండింగ్‌లో ఉండగా అదే మొత్తాన్ని మళ్లీ పంపవద్దు. మొదటిది ఆలస్యంగా జమ అయితే రెండుసార్లు ఇచ్చినట్లవుతుంది, ఎక్కువ వచ్చిన డబ్బు అవతలి వ్యక్తే మీకు తిరిగి ఇవ్వాలి. లావాదేవీ వివరాల్లో ఉండే 12 అంకెల యూటీఆర్ సంఖ్యను దాచుకోండి. అవతలి వారు దాన్ని తమ బ్యాంకుకు చూపించి అడగవచ్చు.

గడువులు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే పెట్టింది. వ్యక్తికి పంపిన డబ్బు జమ కాకపోతే మరుసటి రోజులోగా వెనక్కి రావాలి. దుకాణానికి చెల్లించి, వారికి నిర్ధారణ అందకపోతే గడువు 5 రోజులు. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం. దాన్ని మీరు అడగకపోయినా వేయాలన్నది నిబంధన. వేశారో లేదో మాత్రం స్టేట్‌మెంట్‌లో మీరే చూసుకోవాలి, నాకైతే ఆ విషయంలో బ్యాంకుల జ్ఞాపకశక్తి మీద పెద్దగా నమ్మకం లేదు.

గడువు దాటితే యాప్‌లో ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు నమోదు చేయండి, బ్యాంకుకూ రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా `cms.rbi.org.in` లో, బ్యాంకులపై ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

సమస్య 3: చెల్లింపు జరిగింది, నిల్వ మారలేదు

కొన్ని బ్యాంకులు మూసివేత వేళ నిల్వల నకలు ఒకటి దగ్గర పెట్టుకుని పరిమితంగా సేవలిస్తాయి. పైన చెప్పిన రోజున కూడా ఖాతాదారులకు కనిపించింది ముందు రోజు రాత్రి 7.30 నాటి నిల్వే. అసలు పుస్తకంలో పద్దులు తర్వాత పడతాయి. కాబట్టి కనిపించే నిల్వను నమ్మి చెక్కు ఇవ్వకండి. ఆ వేళల్లో చేసిన ఖర్చును మీరే తీసేసి లెక్క వేసుకోండి.